నెల నెలా ఇన్వెస్టర్లకు ఏం రాయాలి? నంద్యాల బియ్యం బస్తాతో అర్థం చేసుకుందాం

గత ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఫండింగ్ వచ్చాక నెలకోసారి ఇన్వెస్టర్లకు మెయిల్ పెట్టాలంటారు కదా, అందులో ఏం రాస్తారు?" ఈరోజు అదే చూద్దాం.

ముందు ఒక మాట. ప్రతి నెలా ఈ మెయిల్ పెట్టమని కంపెనీల చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పెట్టేటప్పుడు రాసుకునే షేర్‌హోల్డర్ల ఒప్పందంలో "సమాచార హక్కులు" అని ఒక భాగం ఉంటుంది. నెలకా, మూడు నెలలకా, ఏ లెక్కలివ్వాలి అన్నది అందులో ఉంటుంది. చిన్న స్టార్టప్‌లలో చాలాసార్లు అదీ ఉండదు. ఎందుకంటే మావైపు మొదటి ఇన్వెస్టర్ బావో, ఊరి డాక్టరో, డల్లాస్‌లో ఉన్న క్లాస్‌మేటో అయ్యుంటాడు. మీరు చెప్పకపోయినా మీ నష్టం సంగతి ఏదో ఒక పెళ్లి భోజనాల దగ్గర వాళ్లకి తెలిసిపోతుంది. అలా తెలియడం కంటే మీ మెయిల్‌లో తెలియడమే నయం.

సరే, ఒక ఉదాహరణ వేసుకుందాం. కంపెనీ ఊహించుకున్నదే, అంకెలు కూడా లెక్క కోసం వేసుకున్నవే. కానీ వ్యాపారం మాత్రం మీకు బాగా తెలిసింది. నంద్యాలలో ఒకమ్మాయి సోనామసూరి బియ్యం ఆన్‌లైన్‌లో నేరుగా ఇళ్లకు అమ్ముతోంది. వడ్లు ఆళ్లగడ్డ చుట్టుపక్కల కేసీ కాలువ కింది రైతుల దగ్గర కొంటుంది. బస్తా 26 కిలోలది. 25 ఎందుకు కాదంటారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాతే మన కిరాణా కొట్లలో 26 కిలోల బస్తాలు ప్రత్యక్షమయ్యాయి!

ఆ అమ్మాయి ఫిబ్రవరి మొదటి వారంలో జనవరి నెల అప్‌డేట్ రాయాలి. జనవరిలో 320 బస్తాలు అమ్మింది, ఒక్కోటి 1,600. అంటే 5 లక్షల 12 వేలు వచ్చాయి. తెలిసిన మిల్లులో పాత బియ్యం బస్తా 1,300కి కొంది, సంచి, డెలివరీ కలిపి 180. బస్తాకు మిగిలింది 120. జీతాలు, గోడౌను, యాడ్స్ నెలకు 2 లక్షల 38 వేలు. మొత్తం మీద నెల నష్టం 2 లక్షలు.

కానీ బ్యాంకులో 30 లక్షలుండేవి 18 అయ్యాయి. అంటే 12 తగ్గాయి. మిగతా 10 ఎక్కడికి పోయాయి? కొత్త పంట వడ్లు 400 క్వింటాళ్లు కొని గోడౌన్‌లో పెట్టింది. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు కదా. కనీసం ఆరు నెలలు పాతబడాలి. అంటే ఆ డబ్బు జులై దాకా బయటికి రాదు.

ఇప్పుడు రన్‌వే ఎంత అని రాయాలి? రన్‌వే అంటే ఉన్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందన్నమాట. 18ని 12తో భాగిస్తే నెలన్నర. చూసినవాడికి గుండె ఆగుతుంది. 2తో భాగిస్తే తొమ్మిది నెలలు, హాయిగా ఉంటుంది. చాలామంది రెండోది రాసేసి ఊరుకుంటారు. నన్నడిగితే రెండూ తప్పే. భాగహారం పక్కన పెట్టి క్యాలెండర్ మీద లెక్క వేయాలి.

చూడండి. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలకు 2 చొప్పున పోతే జూన్ ఆఖరుకి 8 లక్షలుంటాయి. 400 క్వింటాళ్ల వడ్లు ఆడిస్తే, నూటికి 65 చొప్పున 26,000 కిలోలు, అంటే సరిగ్గా వెయ్యి బస్తాలు. నెలకు 320 అంటే మూడు నెలల సరుకు. ఆ మూడు నెలలు మిల్లు బియ్యం కొనక్కర్లేదు కాబట్టి, ఆడించే ఖర్చు పోనూ నెలకు 2 లక్షలు పెరుగుతాయి. సెప్టెంబరుకి 14. మళ్లీ రెండు నెలలు తగ్గితే నవంబరుకి 10. డిసెంబరులో కొత్త పంట కొనాలంటే మళ్లీ 10 కావాలి. కొంటే చేతిలో సున్నా. కొనకపోతే కంపెనీ బతకడానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. అసలు గడువు డిసెంబరు. "తొమ్మిది నెలలు" అన్న అంకెలో ఈ సంగతి ఎక్కడా కనపడదు.

ఇంకో అంకె, మళ్లీ కొన్నవాళ్ల శాతం. యాప్‌ల వాళ్లు దీన్ని నెలనెలా చూస్తారు, అది చూసి మనమూ అలాగే చేస్తే మోసపోతాం. నలుగురున్న ఇంట్లో 26 కిలోల బస్తా దాదాపు నలభై రోజులు వస్తుంది. డిసెంబరు ఆఖర్లో కొన్నవాళ్లు జనవరిలో మళ్లీ కొనలేదంటే వాళ్లు పోయారని కాదు, బస్తా ఇంకా అయిపోలేదు! అందుకే నవంబరులో మొదటిసారి కొన్న వంద ఇళ్లలో జనవరి ఆఖరులోగా ఎన్ని మళ్లీ తీసుకున్నాయి అని రాయాలి. 62 అనుకుందాం. ప్రతి నెలా ఇదే పద్ధతి, మధ్యలో మార్చకూడదు.

ఇక్కడే దెబ్బ సంగతి వస్తుంది. జనవరిలో మిల్లు నుంచి వచ్చిన ఒక లాటులో కొత్త బియ్యం కలిసింది. ముప్పై ఇళ్ల నుంచి అన్నం ముద్దయిందని ఫోన్లు. మరి 62 శాతం బాగానే ఉందిగా? ఉంటుంది, ఎందుకంటే అది నవంబరు వాళ్లది. జనవరిలో కొన్నవాళ్లు అలిగి పోయారా లేదా అన్నది మార్చి దాకా అంకెల్లో తెలీదు. కాబట్టి అంకె చెప్పని విషయం మనమే మాటల్లో చెప్పాలి. "కొన్ని సప్లై సమస్యలు ఎదురయ్యాయి" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయొచ్చు:

"జనవరి రెండో వారం లాటులో కొత్త బియ్యం కలిసింది. 30 ఫిర్యాదులు వచ్చాయి. లాటు దిగిన రోజే వండి చూసే అలవాటు మాకు లేదు, ఇప్పుడు మొదలుపెట్టాం. ఈ 30 ఇళ్లలో ఎందరు తిరిగి కొన్నారో మార్చి అప్‌డేట్‌లో విడిగా చెప్తాను."

ఆఖరి వాక్యం గమనించారా? మార్చిలో ఆ లెక్క ఇవ్వకపోతే చదివేవాడు అడుగుతాడు. ఆ మాట రాసేదే అందుకు.

ఇక అడగడం. "మీకు తోచిన సాయం చేయండి" అంటే అందరూ ఆల్ ది బెస్ట్ అని థంబ్ పెట్టి వదిలేస్తారు. డిసెంబరు గడువు తెలిసింది కాబట్టి అడగాల్సిందీ తెలిసిపోయింది. గోడౌన్‌లో 10 లక్షల వడ్లున్నాయి. డబ్ల్యూడీఆర్ఏ దగ్గర రిజిస్టర్ అయిన గోడౌన్‌లో సరుకు పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. విలువ మొత్తం ఇవ్వరు, కొంత కోసుకునే ఇస్తారు. వడ్డీ ఉంటుంది, ధర పడితే ఇంకాస్త కట్టమంటారు కూడా. అయినా ఈ పని కోసం వాటా అమ్ముకోవడం కంటే చవక. కాబట్టి ఇలా అడగాలి:

"వేర్‌హౌస్ రసీదు మీద అప్పులు చూసే బ్యాంకు అధికారి ఒకరి పరిచయం కావాలి, కర్నూలు లేదా నంద్యాల. ఫిబ్రవరి 20 లోగా. కింద నాలుగు లైన్లు రాసి పెట్టాను, అలాగే వాళ్లకి ఫార్వర్డ్ చేస్తే చాలు."

ఆ నాలుగు లైన్లు రాసి పెట్టడమే సగం పని. డల్లాస్ క్లాస్‌మేట్ మీ మెయిల్‌ని ఆఫీసు లిఫ్ట్‌లో చదువుతాడు. ఫార్వర్డ్ కొట్టగలిగితే అప్పుడే కొడతాడు. "వీకెండ్‌లో రాసి పంపుదాంలే" అనుకున్నాడంటే ఆ వీకెండ్ ఇక రాదు.

వచ్చే నెల మెయిల్‌లో పోయిన నెల అడిగింది ఏమైందో పైనే ఒక్క లైను ఉండాలి: ఎవరు పరిచయం చేశారు, బ్యాంకు ఏమంది. పని అవ్వకపోయినా సరే.