బరువంతా చివరి బిందువు మీదే

సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న అంతరంలో f అనే అవిచ్ఛిన్న ప్రమేయాన్ని తీసుకుని, దాన్ని xⁿతో గుణించి సమాకలనం చేసి, వచ్చిన విలువను మళ్లీ nతో గుణిస్తే n∫₀¹ xⁿ f(x) dx అనే రాశి వస్తుంది. n ఎంత పెరిగితే ఈ రాశి f(1)కి అంత దగ్గరవుతుంది. అంటే అవధి f(1). మధ్యలో f ఎన్ని మలుపులు తిరిగినా, చివరికి లెక్కలోకి వచ్చేది కుడి కొసన దాని విలువ ఒక్కటే.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ముందుగా చేసే పని, అవధిని సమాకలనం లోపలికి తీసుకెళ్లడం. x ఒకటి కంటే తక్కువైతే nxⁿ సున్నాకు చేరుతుంది. ఉదాహరణకు x = 0.5, n = 10 అయితే దాని విలువ 0.01 కంటే తక్కువ. కాబట్టి లోపల మిగిలేది సున్నాయే, జవాబూ సున్నాయే అనిపిస్తుంది. f(x) = 1 అని పెట్టి చూస్తే పొరపాటు బయటపడుతుంది. అప్పుడు రాశి విలువ n/(n+1). అది చేరేది సున్నాకు కాదు, ఒకటికి. ప్రతి బిందువు దగ్గర విడివిడిగా nxⁿ సున్నాకు చేరుతున్నా, అన్ని బిందువుల దగ్గరా ఒకే వేగంతో చేరడం లేదు. ఒకటికి దగ్గరయ్యే కొద్దీ ఆలస్యమవుతుంది. x = 1 దగ్గరైతే దాని విలువ n, అది పెరుగుతూనే పోతుంది. అవధిని, సమాకలనాన్ని తారుమారు చేయడానికి వీల్లేకపోవడానికి కారణం ఇదే.

nxⁿ వక్రం కింది వైశాల్యం ఎక్కడ పోగవుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. సున్నా నుంచి 0.9 వరకు ఉన్న భాగం, మొత్తం వైశాల్యంలో 0.9ⁿ⁺¹ వంతు. n = 10 అయినప్పుడు అది దాదాపు 31 శాతం. n = 100 అయ్యేసరికి లక్షలో రెండు పాళ్లకు కాస్త పైన మాత్రమే. మిగతాదంతా 0.9కి, ఒకటికి మధ్య ఇరుకు జాగాలో చేరిపోయింది. మొత్తం వైశాల్యం మాత్రం ఒకటికి దగ్గరగానే నిలిచి ఉంది.

నిరూపణ కూడా ఈ దారినే నడుస్తుంది. f(1)ని n∫₀¹ xⁿ dxతో గుణిస్తే వచ్చేదాని అవధి f(1) అని తెలిసిందే. కాబట్టి n∫₀¹ xⁿ (f(x) − f(1)) dx సున్నాకు చేరుతుందని చూపితే చాలు. f ఒకటి దగ్గర అవిచ్ఛిన్నం. అందువల్ల ε ఎంత చిన్నదైనా, 1−δ నుంచి 1 వరకు |f(x) − f(1)| విలువ ε కంటే తక్కువగా ఉండేలా ఒక δ దొరుకుతుంది. ఆ భాగం ఇచ్చేది ε కంటే ఎక్కువ కాదు. ఇక ఎడమ భాగంలో f విలువ ఎక్కడా M దాటదనుకుంటే, అది ఇచ్చేది 2M(1−δ)ⁿ⁺¹కు మించదు. 1−δ ఒకటి కంటే చిన్నది కాబట్టి n పెరిగే కొద్దీ ఇది సున్నాకు చేరుతుంది. M ఉంటుందన్న భరోసా కూడా అవిచ్ఛిన్నతే ఇస్తుంది. సంవృతాంతరంలో అవిచ్ఛిన్నమైన ప్రమేయం పరిబద్ధంగానే ఉంటుంది.

f(x) = 1/(1+x) తీసుకుంటే f(1) = 0.5. ∫₀¹ xⁿ/(1+x) dxను Iₙ అనుకుంటే, Iₙ + Iₙ₋₁ = 1/n అన్న సంబంధంతో ఒక్కో విలువనూ వరుసగా కట్టవచ్చు. I₀ విలువ log 2, అంటే 0.6931. n = 1 అయినప్పుడు మన రాశి విలువ 0.3069. n = 10 దగ్గర 0.475, n = 100 దగ్గర 0.4975. చివరి రెండు విలువలూ 0.5 కంటే దాదాపు 0.25/n మేరకు తక్కువ. ఈ లోటు యాదృచ్ఛికం కాదు. f సాఫీగా అవకలనీయమైతే, ఖండశః సమాకలనం చేసినప్పుడు మొదటి సవరణ పదం −(f(1) + f′(1))/n అని తేలుతుంది. ఇక్కడ f(1) = 1/2, f′(1) = −1/4 కాబట్టి ఆ పదం −0.25/n. n పదింతలైతే తేడా పదోవంతుకు తగ్గుతుంది.

అంతరం పొడవునా అవిచ్ఛిన్నత నిజానికి అవసరం లేదు. f పరిబద్ధమై, సమాకలనీయమై, ఒకటి దగ్గర మాత్రం అవిచ్ఛిన్నమైతే పై నిరూపణ అక్షరం మారకుండా సరిపోతుంది. మధ్యలో f ఒకచోట గభాలున ఎగిరినా ఫలితానికి ఢోకా లేదు. కానీ ఒకటి దగ్గర అవిచ్ఛిన్నత పోతే ఫలితం నిలవకపోవచ్చు. x ఒకటి కంటే తక్కువైనప్పుడు f(x) = 0 అనీ, f(1) = 5 అనీ నిర్వచిస్తే, ప్రతి nకూ సమాకలని సున్నాయే. అవధి సున్నా, f(1) మాత్రం ఐదు. సమాకలనం ఒంటరి బిందువును చూడదు, దాని చుట్టుపక్కలనే చూస్తుంది. ఆ చుట్టుపక్కల విలువలకూ f(1)కీ పొంతన కుదిర్చేది అవిచ్ఛిన్నత. అందుకే ఇలాంటి లెక్క ఎదురైతే ముందుగా సరిచూసుకోవలసింది x = 1 దగ్గర f ప్రవర్తననే.