పంచె తెల్లగా ఉందా, బర్న్ అయిందా?

సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నామనుకుందాం. కాకతీయుల కాలం నాటి గుడి, లోపల నల్లరాతి స్తంభాలు. ఫ్రేమ్‌లో కుడివైపు, గుమ్మం దగ్గర ఎండలో తెల్ల పంచె కట్టుకున్న తాత పాత్ర.

ఎండలో నిలబడి స్క్రీన్ చూస్తే షాట్ చీకటిగా కనిపిస్తుంది, ఎక్స్‌పోజర్ పెంచాలనిపిస్తుంది. అదే షాట్‌ని మండపం లోపల చూస్తే వెలుగు ఎక్కువైనట్టుంటుంది. వీడియో మారలేదు. మన కన్ను చుట్టూ ఉన్న వెలుగుకి అలవాటు పడింది, ఫోన్ కూడా తన బ్రైట్‌నెస్ తనే మార్చుకుంది. ఈ రెండిటి మీదా ఆధారపడని కొలత కావాలి.

మొదటిది హిస్టోగ్రామ్. 256 గదుల అర్రే తీసుకుని, ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో లెక్కపెట్టడమే. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. మన షాట్‌లో ఎక్కువ భాగం నల్లరాయి కాబట్టి కుప్ప ఎడమవైపే ఉంటుంది, అది తప్పు కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బియ్యం రాశిని తీస్తే కుప్ప కుడివైపుంటుంది, అదీ కరెక్టే. కుప్పని బలవంతంగా మధ్యకి తెస్తే రాయీ బియ్యమూ రెండూ బూడిద రంగులోకి వస్తాయి. పంచె బర్న్ అయితే కుడి చివర సన్నటి గీత లేస్తుంది. కానీ ఆ గీత పంచెదో, వెనకున్న ఎండ నేలదో హిస్టోగ్రామ్ చెప్పలేదు.

అది వేవ్‌ఫామ్ చెబుతుంది. ఇందులో ఎడమ-కుడి అంటే ఫ్రేమ్‌లోని ఎడమ-కుడే. ఎత్తు మాత్రం వెలుగు: కింద 0 నలుపు, పైన 100 తెలుపు. తాత కుడివైపు ఉన్నాడు కాబట్టి పంచె కూడా గ్రాఫ్‌లో కుడివైపే కనిపిస్తుంది. తీసిన క్లిప్‌ని ల్యాప్‌టాప్‌లో ఇలా చూడొచ్చు:

```
ffplay -vf waveform clip.mp4
```

ఉదాహరణకి ముఖం 50 దగ్గర ఉంది, పంచె 100 దగ్గర గీత గీసినట్టు చదునుగా ఉంది. ఆ చదునే బర్న్ గుర్తు. మడతల వివరం పోయింది, ఎడిటింగ్‌లో తగ్గించినా తిరిగి రాదు. ఐఎస్ఓ సగానికి తగ్గిస్తే పంచె 90కి దిగి, చదును గీత విడిపోయి మడతలు కనిపిస్తాయి. కానీ ముఖం కూడా 35కి పడిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ జోలికి పోకుండా, తెల్ల థర్మాకోల్ షీట్‌తో ఎండని ముఖం మీదకి తిప్పి 45 దాకా తెచ్చుకోవాలి.

వేవ్‌ఫామ్ కూడా ఒకచోట మోసం చేస్తుంది. కోదాడలో వినాయక మండపాన్ని ఎర్ర ఎల్‌ఈడీ లైట్ల కింద తీశామనుకోండి. మామూలు వేవ్‌ఫామ్ మూడు రంగులు కలిపిన వెలుగునే చూపిస్తుంది, ఆ లెక్కలో ఎరుపు వాటా సుమారు 21 శాతమే. ఎరుపు పూర్తిగా బర్న్ అయినా గ్రాఫ్ కిందే ఉంటుంది, మనం ఇంకా పెంచేస్తాం. అలాంటి చోట మూడు రంగుల్నీ విడివిడిగా చూపే ఆర్‌జీబీ పరేడ్ తెరవాలి. అక్కడ ఎరుపు గడి ఒక్కటే పైకప్పుకి తగిలి చదునుగా కనిపిస్తుంది. అది విడిపోయేదాకా తగ్గించాలి.