మామ్మ రాయించిన ప్రేమలేఖ

చదువు రాని మామ్మ దూరాన ఉన్న మొగుడికి ఉత్తరం రాయించాలి. రాసేవాడు ఎదురింటి తొమ్మిదో తరగతి కుర్రాడు. మనసులో మాట మొగుడికి చేరాలంటే ముందు మనవడి ఈడువాడి చెవిన పడాలి. అటు తాతకీ చదువు రాదు కాబట్టి, అక్కడ ఇంకెవరో చదివి వినిపించాలి. ఇద్దరి మధ్య మాటకి మరో ఇద్దరు అడ్డం. ఇలాంటి కథ రాయబోయేవాళ్ళు ముందు ఈ చిక్కునే పట్టుకోవాలి.

ఉత్తరం రాయించుకోవడం మీద చెహోవ్ 1900లో ఒక కథ రాశాడు. అందులో వసిలీసా అనే ముసలమ్మ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న కూతురికి ఉత్తరం రాయించబోతుంది. యెగోర్ అనేవాడు పదిహేను కోపెక్కులు పుచ్చుకుని, ఆమె మాటలు వదిలేసి సైనిక నిబంధనలేవో రాసిపడేస్తాడు. అయినా మొదటి పలకరింపులు చదివేసరికే కూతురు బావురుమంటుంది. ఆ తల్లికి రాసేవాడి ముందు దాచుకోవలసింది ఏమీ లేదు. మన మామ్మకి ఉంది.

మన కథని 1980ల నాటి శ్రీకాకుళం పల్లెలో పెడదాం. అక్కడివాళ్ళు రైల్వే పనులకి ఖరగ్‌పూర్ పోవడం అప్పటికే పాత మాట. తాత అక్కడే ఉన్నాడు. కుర్రాడు ఇన్‌లాండ్ కవరు విప్పి పేరు అడుగుతాడు. మొగుడి పేరు నోటితో పలకదు మామ్మ.

“సింవాచెలం కొండ మీద సామి పేరేరా.”

“నరసింహమా?”

“కాదు. మనోలు పిలుస్తారే, అదీ.”

అప్పన్న అని తేలేసరికి పొద్దు వాలుతుంది. ఇక చెప్పడం మొదలుపెడుతుంది.

“రాయి బాబూ. ఆవు ఈనింది, పెయ్యి పుట్టింది. జున్ను వండేను గానీ నోటికి పోనేదు. నువ్వు నేవు గదా, మావా.”

కుర్రాడు రాసింది వేరు: “మహారాజశ్రీ అప్పన్న గారికి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేము క్షేమము. ఆవు ఈనినది.” బళ్ళో నేర్పిన ఉత్తరం అలాగే ఉంటుంది మరి. జున్ను సంగతి ఏపాటిదిలే అని వాడు వదిలేశాడు. ప్రేమంతా అందులోనే ఉందని వాడికి తెలియదు. చదివి వినిపిస్తే మామ్మ మూతి తిప్పుతుంది.

“నాను సెప్పిందేటి, నువ్వు రాసిందేటి? మీ తాత దీన్ని తాసిల్దారు కాయితం అనుకుంటాడు.”

కథ మలుపు తిరిగేది ఇక్కడే. కుర్రాడు ఉన్నదున్నట్టు రాయడానికి ఒప్పుకోవాలి. కానీ “సెప్పు” అని రాస్తే తప్పులు వచ్చాయంటారని వాడి భయం. యాసని అలంకారంగా అద్దిన కథల్లో ఈ భయం కనబడదు. అక్కడ పాత్రలన్నీ ముద్దుగా వంకరపోతాయి, అంతే.

యాస రాయడంలోనూ తూకం ఉంది. ఆ ప్రాంతంలో ఇలాంటి ఇళ్ళలో “లేదు” అన్నది “నేదు” అవుతుంది, “చెప్పు” “సెప్పు” అవుతుంది, “వచ్చాను” “వచ్చేను” అవుతుంది. ఇలాంటి నాలుగైదు పలుకుబళ్ళు పట్టుకుని చివరిదాకా నిలబెడితే చాలు. ప్రతి మాటనీ మెలితిప్పితే పాఠకుడు కూడబలుక్కోవాల్సి వస్తుంది. మధ్యలో ఎక్కడో “వచ్చిండు” దూరిందంటే మామ్మ ఉన్నట్టుండి కరీంనగర్ వెళ్ళిపోయినట్టే. కథకుడి మాట మామూలు తెలుగులోనే ఉండనిస్తే ఆమె గొంతు విడిగా వినబడుతుంది.

ఇన్‌లాండ్ కవరులో జాగా కొద్దిగానే ఉంటుంది. కథకి అది మేలే చేస్తుంది. మామ్మ ఆవు, అప్పు, చూరు కారడం అన్నీ చెప్పేదాకా ఆగి, కుర్రాడు “ఇంక రెండు వరసలే ఉన్నాయి మామ్మా” అంటాడు. అప్పుడు బయటికొస్తుంది అసలు మాట.

“రాత్రేళ తలుపు గొళ్ళెం పెట్టడం మానేసేనని రాయి.”

“దొంగలొస్తారు గదా మామ్మా!”

“నీకెందుకురా. రాయి.”

వాడికి అర్థమైనట్టు కథకుడు చెప్పకూడదు. ‘అతని కళ్ళు చెమర్చాయి’ అన్న వాక్యం నాకైతే అనుమానమే. ఏం చేయాలో తోచనప్పుడు రాసేది అది. వాడు ఆ ముక్కని అక్షరం పొల్లుపోకుండా దింపితే చాలు.

జవాబు చూపించాలంటే మళ్ళీ ఉత్తరం అక్కర్లేదు. అప్పట్లో మనియార్డరు ఫారం అడుగున రెండు మాటలు రాసుకునే చోటుండేది. తాత ఎవరిచేతో రాయించిన మాటని పోస్ట్‌మ్యాన్ వీధిలో నిలబడి గట్టిగా చదువుతాడు: “గొళ్ళెం పెట్టుకో. సంకురాత్రికి వస్తన్నాను.” మామ్మ చూపు డబ్బు మీదే ఉన్నట్టు నటించి వేలిముద్ర వేస్తుంది. పక్కన సాక్షి సంతకం పెట్టమని పోస్ట్‌మ్యాన్ ఆ కుర్రాడినే పిలుస్తాడు.