మెమరీ రెట్టించినా బిల్లు మారలేదు

ఒక ఫొటోల వెబ్‌సైట్ ఉందనుకుందాం. ఎవరైనా ఫొటో పెట్టగానే దాన్ని చిన్న సైజుకు కుదించే ఫంక్షన్ ఒకటి అమెజాన్ లాంబ్డా మీద నడుస్తోంది. నెలకు 30 లక్షల సార్లు దానికి పిలుపు వస్తుంది. 512 ఎంబీ మెమరీ ఇస్తే ఒక్కో ఫొటోకు 800 మిల్లీసెకన్లు పడుతోంది.

బిల్లు రెండు ముక్కలుగా వస్తుంది. మొదటిది పిలుపుల లెక్క. నెలకు 10 లక్షలు ఉచితం, ఆపైన ప్రతి 10 లక్షలకు 20 సెంట్లు. అంటే ఇక్కడ 40 సెంట్లే. రెండోది మెమరీని కాలంతో గుణించే లెక్క, దాని కొలత గిగాబైట్-సెకను. అర గిగాబైట్‌ను 0.8 సెకనుతోను, 30 లక్షలతోను గుణిస్తే 12 లక్షలు. ఉచితమైన 4 లక్షలు తీసేస్తే మిగిలిన 8 లక్షలకు, వర్జీనియా ప్రాంతపు ధర ప్రకారం, సుమారు 13 డాలర్ల 33 సెంట్లు. ఖర్చంతా ఇక్కడే ఉంది.

దీన్ని తగ్గించాలని చాలామంది ముందు మెమరీకి కోత పెడతారు. కానీ లాంబ్డాలో ప్రాసెసర్ శక్తి మెమరీతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. 1,769 ఎంబీ దగ్గర ఒక పూర్తి ప్రాసెసర్ దక్కుతుంది. ఫొటో కుదించడం ప్రాసెసర్ పని కాబట్టి, మెమరీని 1,024 ఎంబీకి పెంచితే సమయం 400 మిల్లీసెకన్లకు దిగవచ్చు. అలా దిగితే గుణకారం అదే, బిల్లూ అదే. ఫొటో మాత్రం సగం సమయంలో సిద్ధం.

ఫంక్షన్ డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కథ వేరు. ఎదురుచూపు ప్రాసెసర్‌తో తగ్గదు, మెమరీ రెట్టిస్తే ఖర్చూ రెట్టింపవుతుంది. తేడా తెలియాలంటే మెమరీ మార్చి, లాగ్‌లో ప్రతి పిలుపు చివర వచ్చే వరుసను పోల్చి చూడాలి:

```
Duration: 793.20 ms  Billed Duration: 794 ms
Memory Size: 512 MB  Max Memory Used: 148 MB
```

ఇందులో వాడిన మెమరీ 148 ఎంబీయే. అది చూసి 256కు దించితే ప్రాసెసర్ కూడా సగమవుతుంది, ఫొటో పని మరింత నెమ్మదిస్తుంది.

సమయం తగ్గితే కలిసొచ్చేది ఇంకొకటుంది. ఒక ఖాతాకు ఒక ప్రాంతంలో ఒకేసారి నడవగల ఫంక్షన్ల పరిమితి మామూలుగా 1,000. కొత్త ఖాతాలకు ఇంకా తక్కువ ఉండవచ్చు. ఒకేసారి ఎన్ని నడుస్తాయో తెలియాలంటే సెకనుకు వచ్చే పిలుపులను ఒక్కోదానికి పట్టే సమయంతో గుణించాలి. పండగ రోజున సెకనుకు 2,000 ఫొటోలు వస్తే, 0.8 సెకను చొప్పున 1,600 కావాలి. పరిమితి దాటిన నేరు పిలుపులు 429 అనే కోడ్‌తో తిరిగి వచ్చేస్తాయి. 0.4 సెకనైతే 800 చాలు.

ఆ 1,000 ఖాతాలోని ఫంక్షన్లన్నింటికీ ఉమ్మడి సొత్తు. ఫొటోలు దాన్నంతా మింగేస్తే డబ్బు చెల్లింపు ఫంక్షన్‌కు చోటు దొరకదు. అందుకే చెల్లింపులకు ముందే 200 కేటాయించి పెడతారు. ఆ 200 ఇతర ఫంక్షన్లకు అందవు. అయితే చెల్లింపుల ఫంక్షన్ కూడా 200 దాటి నడవలేదు.