ముందు పనుల పట్టిక నుంచి బాణాల నెట్‌వర్క్ దాకా

పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఏది అయ్యాక ఏది మొదలవ్వాలో బాణాలతో గీసిన పటమే నెట్‌వర్క్. అందులో ప్రతి బాణం ఒక పని. బాణాల కొసల్లో గీసే సున్నా ఒక ఈవెంట్. ఈవెంట్ అంటే ఒక క్షణం మాత్రమే: తనలోకి వచ్చే పనులన్నీ పూర్తయి, తన నుంచి బయల్దేరే పనులు మొదలుకావడానికి దారి తెరుచుకునే క్షణం. పనికి రోజులు పడతాయి, ఈవెంటుకు పట్టవు. 1950ల చివర అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన కర్మాగారాల కోసం, నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం ఇలాంటి పటాలను దాదాపు ఒకే కాలంలో, వేర్వేరుగా రూపొందించుకున్నాయి. మొదటిదానికి సీపీఎం అని, రెండోదానికి పెర్ట్ అని పేరు. సివిల్ ఇంజినీరింగు పాఠాల్లో ఈ రెండు పేర్లూ జంటగానే వినిపిస్తాయి.

పటం గీయడానికి ముందు పట్టిక కావాలి. పొలంలో కొత్త బోరు వేసి మోటారు నడిపించే పనినే తీసుకుంటే, పట్టిక ఇలా ఉంటుంది. రోజుల లెక్క ఉదాహరణ కోసం వేసుకున్నది.

| పని | వెంటనే ముందు పూర్తికావలసినవి | రోజులు |
|---|---|---|
| బోరు (తవ్వకం, కేసింగ్) | లేదు | 2 |
| గది (స్టార్టర్ గది కట్టడం) | లేదు | 6 |
| నీటి పరీక్ష | బోరు | 1 |
| కందకం (బోరు నుంచి గది దాకా కేబుల్ కోసం) | బోరు, గది | 3 |
| ప్యానెల్ (గదిలో బోర్డు బిగింపు) | గది | 2 |
| మోటారు కొని తేవడం | నీటి పరీక్ష | 4 |
| పైపులు కొని తేవడం | నీటి పరీక్ష | 3 |
| దించడం (మోటారు, పైపులు బోరులోకి) | మోటారు, పైపులు | 1 |
| కనెక్షన్ (కేబుల్ వేసి నడిపి చూడడం) | కందకం, ప్యానెల్, దించడం | 1 |

ఈ ముందువెనుకలకు కారణాలు పొలంలోనే ఉన్నాయి. ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయో, ఎంత లోతులో నిలిచాయో తెలియనిదే ఎన్ని హెచ్‌పీల మోటారు కొనాలో, ఎన్ని పైపులు కావాలో తేలదు. కందకం తవ్వాలంటే దాని రెండు కొసలూ తెలియాలి. నీళ్లు పడక బోరు చోటు మారిపోవచ్చు కాబట్టి గది, బోరు రెండూ తేలాకే కందకం.

పట్టికలో రెండో గడికి పెట్టిన పేరులో ‘వెంటనే’ అన్న మాటను పట్టించుకోవాలి. మోటారు దించడానికి ముందు ఏమేం కావాలని అడిగితే ఎవరైనా నీటి పరీక్షను కూడా కలిపి చెబుతారు. అది అబద్ధం కాదు, కానీ అనవసరం. మోటారు కొనడమే నీటి పరీక్ష తర్వాత జరుగుతుంది కాబట్టి, మోటారు వచ్చిందంటే పరీక్ష ముగిసినట్టే. ఇలాంటివి పట్టికలోనే కొట్టేయకపోతే తర్వాత పటంలో పనికిరాని బాణాలుగా తేలతాయి. ఒక పని ముందు పనుల్లో ఒకటి, మరోదానికి ఏ వరసలోనైనా ముందే వచ్చేస్తుంటే దాన్ని తీసేయవచ్చు.

ఇక గీత. చాలామంది మొదటి పని నుంచి బాణం గీస్తూ పోయి, మధ్యలో చిక్కుపడి, రబ్బరుతో చెరిపేస్తుంటారు. అంతకంటే మంచి దారి ఒకటుంది: పట్టికలో రెండో గడిని మాత్రమే చదివి, అక్కడ ఎన్ని రకాల గుంపులు ఉన్నాయో లెక్కపెట్టడం. ఒకే గుంపు తర్వాత వచ్చే పనులన్నీ ఒకే ఈవెంటు నుంచి బయల్దేరతాయి. పై పట్టికలో ఏడు గుంపులున్నాయి: ఏమీ లేనిది, బోరు ఒక్కటే, గది ఒక్కటే, బోరు–గది కలిసి, నీటి పరీక్ష, మోటారు–పైపులు, చివరగా కందకం–ప్యానెల్–దించడం. అంటే ఏడు ఆరంభ ఈవెంట్లు. అన్నీ ముగిసే ఈవెంటు మరొకటి. ఇలా ఎనిమిది సున్నాలు కాగితం మీద ముందే సిద్ధమవుతాయి.

ఇప్పుడు బాణాలు వేస్తుంటే తొలి చిక్కు బోరు దగ్గరే వస్తుంది. బోరు మూడు చోట్ల అవసరపడదు, రెండు చోట్లే: నీటి పరీక్షకు తానొక్కటే, కందకానికి గదితో కలిసి. గదికీ అదే పరిస్థితి: ప్యానెల్‌కు తానొక్కటే, కందకానికి బోరుతో కలిసి. ఒక పనికి ఒకే బాణం ఉంటుంది, దానికి ఒకే కొస ఉంటుంది. బోరు బాణం ‘బోరు ఒక్కటే’ ఈవెంటులో ముగిస్తే కందకం దగ్గరకు చేరదు. కందకం ఈవెంటులో ముగిస్తే నీటి పరీక్షకు గదితో లేని సంబంధం అంటుకుంటుంది.

ఇక్కడ అవసరమయ్యేదే డమ్మీ. ఇది చుక్కల గీతతో వేసే బాణం. దీనికి రోజులు లేవు, కూలీలు లేరు, ఖర్చు లేదు; ‘అది అయ్యాకే ఇది’ అన్న ఒక్క మాటను మోసుకెళ్లడమే దీని పని. బోరు ముగిసిన ఈవెంటు నుంచి కందకం ఈవెంటుకు ఒక డమ్మీ, గది ముగిసిన ఈవెంటు నుంచి అక్కడికే మరో డమ్మీ. రెండు డమ్మీలు చేరితే కందకం మొదలవుతుంది. నీటి పరీక్ష, ప్యానెల్ మాత్రం ఎవరి దారిలో అవి సాగిపోతాయి. రెండు పనులకు ముందు గుంపులు పాక్షికంగా కలిసి, పాక్షికంగా విడిపోయిన చోటల్లా డమ్మీ తప్పదు. గుంపులు పూర్తిగా ఒకటే అయినా, పూర్తిగా వేరైనా ఈ రకం డమ్మీ అవసరం రాదు.

రెండో రకం డమ్మీకి కారణం వేరు. మోటారు కొనడం, పైపులు కొనడం రెండూ నీటి పరీక్ష తర్వాతే మొదలై, దించడం ముందే ముగుస్తాయి. అలాగే గీస్తే ఒకే జత సున్నాల మధ్య రెండు బాణాలు వస్తాయి. పటం అర్థం చెడదు గానీ, పనులను సాధారణంగా వాటి రెండు కొసల అంకెలతో పిలుస్తారు. ‘5–7 ఎంతదాకా వచ్చింది?’ అని అడిగితే మోటారా, పైపులా తెలియదు. అందుకే ఒక పనిని అదనపు సున్నా దగ్గర ఆపి, అక్కడి నుంచి డమ్మీతో అసలు ఈవెంటుకు కలుపుతారు. దీంతో ఈవెంట్లు తొమ్మిది, డమ్మీలు మూడు అవుతాయి.

సున్నాలకు అంకెలు వేయడానికి అమెరికన్ గణితవేత్త డి. ఆర్. ఫుల్కర్సన్ పేరుతో ఒక నియమం ఉంది. ఏ బాణమూ లోపలికి రాని ఈవెంటుకు 1 వేయాలి. దాని నుంచి బయల్దేరే బాణాలను చెరిపేసినట్టు అనుకుంటే, లోపలికి బాణం లేని కొత్త ఈవెంట్లు తేలతాయి. వాటికి తర్వాతి అంకెలు. చివరిదాకా ఇదే వరస. బోరు కథలో 1 నుంచి బయల్దేరే బాణాలు చెరిపితే బోరు ముగింపు, గది ముగింపు తేలతాయి: 2, 3. వాటి బాణాలూ చెరిపితే కందకం ఆరంభం 4, నీటి పరీక్ష ముగింపు 5. తర్వాత మోటారు వచ్చిన ఈవెంటు 6. దించడం ఆరంభమయ్యే ఈవెంటు 6 నుంచి వచ్చే డమ్మీ కోసం ఆగుతుంది కాబట్టి దానికి 7. చివరికి పటం ఇలా చదవవచ్చు: బోరు 1–2, గది 1–3, డమ్మీలు 2–4, 3–4, నీటి పరీక్ష 2–5, కందకం 4–8, ప్యానెల్ 3–8, మోటారు 5–6, పైపులు 5–7, డమ్మీ 6–7, దించడం 7–8, కనెక్షన్ 8–9. ప్రతి జతలో మొదటి అంకె చిన్నది. మధ్యలో కొత్త పని వచ్చి పడుతుందన్న అనుమానం ఉంటే 10, 20, 30 అని ఎడం వదిలి వేయడం తెలివైన పని.

ఈ అంకెల వరస ఒక పరీక్ష కూడా. గది పునాదిలోంచే కేబుల్ పైపు పోవాలి కాబట్టి కందకం తర్వాతే గది అని మేస్త్రీ అంటాడు, గది తర్వాతే కందకం అని ఎలక్ట్రీషియన్ అంటాడు. రెండూ పట్టికలో రాసేస్తే, అంకెలు వేస్తూ పోయిన చేయి గది దగ్గర ఆగిపోతుంది. లోపలికి బాణం లేని సున్నా ఇంకెక్కడా మిగలదు. అంటే పనులు గుండ్రంగా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. దీనికి మందు బాణాలు తిప్పడం కాదు, పనిని విడగొట్టడం. గదిని పునాది, పై కట్టుబడి అని రెండు చేసి, కందకాన్ని వాటి మధ్య పెడితే వలయం తెగుతుంది.

ఇప్పుడు రోజులు కలిపి చూస్తే డమ్మీ విలువ తెలుస్తుంది. బోరు 2 రోజుల్లో, నీటి పరీక్ష 3 రోజులకు, మోటారు 7 రోజులకు, దించడం 8 రోజులకు ముగుస్తాయి. గది 6 రోజులకు అయి, కందకం 9 రోజులకు ముగుస్తుంది. కనెక్షన్‌తో మొత్తం 10 రోజులు. ఆలస్యాన్ని ఏమాత్రం ఓర్చుకోని దారి గది, 3–4 డమ్మీ, కందకం, కనెక్షన్. అంటే అత్యంత కీలకమైన ఆ దారి పనేమీ లేని ఒక గీత మీదుగా పోతోంది.

డమ్మీలు ఎందుకులే అని బోరునూ గదినీ ఒకే సున్నాలో ముగిస్తే ఏమవుతుంది? నీటి పరీక్ష కూడా గది కోసం 6 రోజులు ఆగుతుంది. మోటారు 11 రోజులకు వస్తుంది, దించడం 12కి, కనెక్షన్ 13కి. పొలంలో ఏ అడ్డంకీ లేకుండా కాగితం మీదే మూడు రోజులు పోయాయి. పైగా మోటారు కొట్టు దారే కీలకమని పటం చూపిస్తుంది, గది మేస్త్రీని తొందరపెట్టాల్సిన వేళ అందరూ మోటారు వెనకాల పడతారు.

ఇంకో తప్పు దీనికంటే మాయగాడు. కందకాన్ని నేరుగా 3 నుంచి బయల్దేరదీసి, 2 నుంచి 3కి ఒక్క డమ్మీ వేస్తారు. ఇప్పుడు బోరు తప్పకుండా ప్యానెల్‌కు కూడా ముందు పని అయిపోయింది. బోరు 2 రోజుల్లో అయిపోతుంది కాబట్టి లెక్క 10 రోజులనే చెబుతుంది, తప్పు కనబడదు. బోరు బండి దొరక్క తవ్వకం 8 రోజులకు ముగిసిందనుకుంటే, గది 6 రోజులకే సిద్ధమైనా ఎలక్ట్రీషియన్‌ను 8 దాకా పిలవొద్దని పటం చెబుతుంది. మొత్తం రోజుల లెక్క సరిపోయినంత మాత్రాన పటం సరైందని నమ్మకూడదు. సరిచూసే పద్ధతి ఒక్కటే: ప్రతి పని తోక నుంచి వెనక్కి, డమ్మీల గుండా కూడా నడిచి, మొదట ఎదురయ్యే నిజమైన పనులను రాసుకోవాలి. అవి పట్టికలోని గుంపుతో అక్షరాలా కలవాలి. తప్పు పటంలో ప్యానెల్ నుంచి వెనక్కి నడిస్తే గదితో పాటు బోరు తగులుతుంది, పట్టికలో గది ఒక్కటే ఉంది.

డమ్మీలు ఎన్ని వేయాలన్నది చిన్న పటాల్లో కంటితోనే తేలుతుంది. పెద్ద పటాల్లో వీలైనంత తక్కువ డమ్మీలతో గీయడం లెక్కల పరంగా చాలా కఠినమైన సమస్య అని కృష్ణమూర్తి, నర్సింగ్ దేవ్ 1979లో నిరూపించారు. రెండు మూడు డమ్మీలు ఎక్కువైనా ఫలితం మారదు కాబట్టి, పని చేయించేవాళ్లు దాని వెంట పడరు. మరో దారి కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫోండాల్ 1961లో వివరించిన పద్ధతిలో పని బాణం కాదు, పెట్టె. బాణం వరసను మాత్రమే చెబుతుంది. బోరు పెట్టె నుంచి ఒక బాణం నీటి పరీక్షకు, ఒకటి కందకానికి వెళితే సరి. అందులో చుక్కల గీత అవసరమే రాదు. ఇప్పటి ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఈ పెట్టెల పద్ధతినే వాడతాయి. అందులో బోరు, గది రెండూ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి, వాటికి ముందు రోజులు లేని ‘ఆరంభం’ అన్న పెట్టె ఒకటి మాత్రం పెట్టుకుంటారు.