మూల ఏ ముక్కకు?

ఒంగోలు దగ్గరి చీమకుర్తి క్వారీల్లో దొరికే నల్ల రాయి బ్లాక్ గెలాక్సీ పేరుతో దేశదేశాలకు వెళ్తుంది. నల్లటి నేల మీద రాగి రంగు చుక్కలు మెరిసే ఈ రాయి మన వంటిళ్లలోనూ బాగా కనిపిస్తుంది. కొనడానికి వెళ్లినవాళ్లు రంగు చూస్తారు, చదరపు అడుగు ధర అడుగుతారు, బేరమాడతారు. గట్టుకు స్లాబ్ ఎంత పొడవుండాలి, అతుకు ఎక్కడ పడుతుంది, సింక్ రంధ్రానికి ఆ అతుకు ఎంత దూరంలో ఉంటుంది అన్న ప్రశ్నలు మాత్రం రాయి ఇంటికి చేరాక, మేస్త్రీ కట్టర్ చేతిలోకి తీసుకున్నాక వస్తాయి. అప్పటికి జవాబు మార్చే వీలుండదు.

ఎల్ ఆకారపు వంటగట్టును ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. పొడవు గోడ 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. దానికి అడ్డంగా ఉన్న పొట్టి గోడ 7 అడుగులు, అంటే 84 అంగుళాలు. కింది అల్మరాల లోతు 24 అంగుళాలు, ముందుకు ఒక అంగుళం వాలు కలిపితే గట్టు వెడల్పు 25 అంగుళాలు. కిటికీ పొడవు గోడ మధ్యలో ఉంది కనుక సింక్ అక్కడే. గ్యాస్ పొయ్యి పొట్టి గోడ వైపు, గట్టు పైనే ఉంటుంది. దానికి రంధ్రం అక్కర్లేదు. గట్టు ఒక చివర గోడకు, రెండో చివర ఫ్రిజ్ పక్కన కట్టిన అడ్డుగోడకు ఆనుతుంది.

ఎల్ మొత్తాన్ని ఒకే రాయిగా కోస్తే సగం స్లాబ్ వృథా అవుతుంది, పైగా లోపలి మూల దగ్గర విరుగుతుంది. అందుకే రెండు ముక్కలు, ఒక అతుకు. ఈ అతుకును రెండు చోట్ల పెట్టవచ్చు. తేడా అంతా మూలలోని 25 అంగుళాల చతురస్రం ఏ ముక్కలోకి వెళ్తుందన్న దాంట్లోనే ఉంది.

మూలను పొడవు ముక్కకిస్తే కొలతలు 120, 59 అంగుళాలు. పొట్టి ముక్కకిస్తే 95, 84 అంగుళాలు. రెండు పద్ధతుల్లోనూ గట్టు విస్తీర్ణం ఒక్కటే, సుమారు 31 చదరపు అడుగులు. అతుకు పొడవూ ఒక్కటే, 25 అంగుళాలు. కొనాల్సిన స్లాబ్ మాత్రం మారిపోతుంది. మొదటి పద్ధతికి అంచుల చెక్కుడు పోను 120 అంగుళాలు నికరంగా మిగలాలి కనుక పదిన్నర అడుగుల స్లాబ్ వెతకాలి. రెండో పద్ధతికి ఎనిమిదిన్నర అడుగులది, అంటే 102 అంగుళాలది చాలు. దుకాణాల్లో కట్టర్ స్లాబ్ అనే సన్నపాటి స్లాబులు సాధారణంగా ఎనిమిది, తొమ్మిది అడుగుల దగ్గరే ఆగిపోతాయి. పది దాటిన రాయి కావాలంటే తరచుగా గ్యాంగ్‌సా మీద కోసిన పెద్ద స్లాబుల వైపు వెళ్లాల్సి వస్తుంది.

బరువు కూడా చూడాలి. 18 మిల్లీమీటర్ల మందం ఉన్న నల్ల రాయి చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 120 అంగుళాల ముక్క వంద కిలోలు దాటుతుంది. అంత పొడవు రాయి అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. 95 అంగుళాలది 80 కిలోల చిల్లర. అదీ తేలిక కాదు గానీ నలుగురు మనుషులు నిలువుగా పట్టుకుని మలుపు తిప్పగలరు.

ఇక కోత లెక్క. స్లాబ్ 102 అంగుళాల పొడవు, 60 అంగుళాల ఎత్తు అనుకుందాం. అంటే 42 న్నర చదరపు అడుగులు. పైన 95 అంగుళాల ముక్క, దాని కింద 84 అంగుళాల ముక్క. రెండింటి వెడల్పు కలిపి 50 అంగుళాలు. ముందు అంచు మందంగా కనిపించడానికి కింద అతికించే రెండంగుళాల నోసింగ్ పట్టీలు రెండు, అవి ఇంకో నాలుగు. ప్రతి కోతలోనూ బ్లేడు మూడు నాలుగు మిల్లీమీటర్ల రాయిని పొడి చేస్తుంది. మూడు కోతలకు అర అంగుళం పోయినట్టే. స్లాబ్ పై అంచు, కింది అంచు గరుకుగా ఉంటాయి కనుక చెరో అంగుళం తీసేయాలి. మొత్తం యాభై ఆరున్నర. అరవైలో సరిపోయింది. 84 ముక్క పక్కన మిగిలే పదహారు, పదిహేడు అంగుళాల తునక కిటికీ అరకో, దేవుడి గూటికో పనికొస్తుంది. దుకాణాల్లో బిల్లు సాధారణంగా స్లాబ్ మొత్తానికి పడుతుంది కాబట్టి ఈ తునకలను అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. మొదటి పద్ధతిలో ఇదే ఎత్తున్న పదిన్నర అడుగుల స్లాబ్ కొంటే 52 న్నర చదరపు అడుగులకు డబ్బు కట్టాలి. మూల చోటు మార్చినందుకు పది అడుగుల రాయి మిగిలింది.

ఒక పెద్ద స్లాబ్‌కు బదులు 30 అంగుళాల వెడల్పున్న కట్టర్ స్లాబులు రెండు తీసుకున్నా ఇదే కోత కుదురుతుంది. అప్పుడు రెండూ ఒకే బండ నుంచి, వరసగా కోసినవేనా అని చూసుకోవాలి. గెలాక్సీలో చుక్కల సాంద్రత బండ బండకూ మారుతుంది. దూరం నుంచి ఒకేలా కనిపించిన రెండు రాళ్లు అతుకు దగ్గర పక్కపక్కన చేరగానే వేరైపోతాయి. చారలు పారే రాళ్లలో ఇంకో చిక్కుంది. రెండు ముక్కలూ స్లాబ్ పొడవునే కోస్తారు కనుక మూల దగ్గర చారల దిక్కు అడ్డం తిరుగుతుంది, అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చుక్కల రాయికి ఆ బాధ లేదు.

రాయి పొదుపు ఒక్కటే చూసి మూల ఇచ్చేయడానికి లేదు. సింక్ ఒప్పుకోవాలి. ఈ వంటగదిలో సింక్ 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. పైనుంచి కూర్చోబెట్టే రకం కాబట్టి రంధ్రం 23కి 17 అంగుళాలు. కచ్చితమైన కొలత సింక్‌తో వచ్చే అట్ట నమూనా నుంచే తీసుకోవాలి. సింక్ నడిమధ్య మూల నుంచి 60 అంగుళాల దగ్గర పడుతుంది. రంధ్రం నలభై ఎనిమిదిన్నర దగ్గర మొదలవుతుంది. అతుకు 25 దగ్గర ఉంది. మధ్యలో ఇరవై మూడున్నర అంగుళాల నిండు రాయి ఉంది, ఏ బెంగా అక్కర్లేదు.

కిటికీ మూలకు దగ్గరగా ఉండి సింక్ మధ్య 36 అంగుళాల దగ్గర పడితే కథ వేరు. రంధ్రం ఇరవై నాలుగున్నర దగ్గర మొదలై అతుకు మీదికే వస్తుంది. రంధ్రానికీ అతుకుకూ నడుమ కనీసం ఆరు అంగుళాల రాయి ఉండాలనుకుంటే, ఈ పద్ధతిలో సింక్ మధ్య మూలకు నలభై రెండున్నర అంగుళాల లోపు రాకూడదు. వస్తే మూలను పొడవు ముక్కకిచ్చి, అతుకును పొట్టి గోడ వైపు తిప్పాల్సిందే. రంధ్రం మధ్యలోకే అతుకు తెస్తే అతుకు పొడవు తగ్గుతుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. నిజమే, తగ్గుతుంది. కానీ మిగిలిన ఆ కాస్త అతుకూ రోజంతా నీళ్లలో నానుతుంది, గట్టు మొత్తంలో అతి సన్నటి చోట పడుతుంది.

వెడల్పు పంపకం కూడా కాగితం మీదే తేలాలి. 25 అంగుళాల్లో రంధ్రం 17 పోతే ఎనిమిది మిగులుతాయి. ముందు మూడున్నర, వెనక నాలుగున్నర వదిలితే కుళాయికి 35 మిల్లీమీటర్ల రంధ్రం వెనక పట్టీలో సుఖంగా పడుతుంది. ముందు పట్టీని ఇంకా సన్నం చేస్తే రాయిని ఎత్తేటప్పుడే అక్కడ విరుగుతుంది.

పగుళ్లు ఎక్కువగా రంధ్రం మూలల నుంచే పుడతాయి. చేతి కట్టర్ బ్లేడు గుండ్రంగా ఉంటుంది. రాయి అడుగు దాకా కోత తెగాలంటే పైన అది మూల దాటి అర అంగుళమో, అంతకన్నా ఎక్కువో ముందుకు పోతుంది. సింక్ అంచు కింద దాక్కునే ఆ గీత నుంచే కొన్ని నెలల తర్వాత పగులు ముందు అంచు వైపు నడుస్తుంది. దీనికి మందు తెలిసిందే. ముందుగా నాలుగు మూలల్లోనూ కోర్ బిట్‌తో గుండ్రటి రంధ్రాలు వేసి, బ్లేడును ఆ రంధ్రాల దగ్గర ఆపేయాలి. మూల గుండ్రంగా ఉంటే ఒత్తిడి ఒక్క బిందువు మీద పడదు. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి. బ్లేడు వేడెక్కదు, ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా దుమ్ము లేవడం చాలా తగ్గుతుంది. రాయిని గట్టు మీద సమంగా పరిచాక అక్కడే రంధ్రం కోయడం, మోతలో విరిగే ప్రమాదాన్ని తప్పిస్తుంది. దుకాణంలోనే కోయిస్తే రంధ్రానికి అడ్డంగా చెక్క బద్ద బిగించి తీసుకురావాలి.

గోడలు సరిగ్గా లంబంగా ఉంటాయని నమ్మి కోస్తే అతుకు నోరు తెరుస్తుంది. మేస్త్రీలకు తెలిసిన 3–4–5 లెక్కతో దీన్ని ముందే పట్టుకోవచ్చు. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగుల దగ్గర, రెండో గోడ మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, నడుమ దూరం కొలవాలి. సరిగ్గా 5 అడుగులుంటే మూలమట్టం కుదిరింది. అర అంగుళం ఎక్కువ వచ్చిందంటే మూల ఒక డిగ్రీ విచ్చుకుంది. వినడానికి చిన్నదే. 25 అంగుళాల అతుకులో అది ఒక చివర 11 మిల్లీమీటర్ల సందు అవుతుంది. అంత సందును ఏ పూతా అందంగా పూడ్చలేదు. అందుకే అతికే అంచును ఆ కోణానికే కోయాలి. గోడ వైపు మిగిలే చిన్న సందులను తర్వాత గట్టు మీద కూర్చునే టైల్స్ కప్పేస్తాయి.

ఇళ్లలో తరచుగా జరిగే మరో పొరపాటు ముందు అంచు దగ్గర ఉంది. 84 అంగుళాల ముక్కకు ఆ పొడవంతా మౌల్డింగ్ చేసేస్తారు. మూల వైపు 25 అంగుళాలు అతుకులోకి వెళ్తాయన్న సంగతి మరచిపోతారు. గుండ్రంగా చెక్కిన అంచు మీదికి రెండో ముక్క వచ్చి చేరితే అతుకు పొడవునా గాడి పడుతుంది. మౌల్డింగ్ కావలసింది 59, 95 అంగుళాలకే, కలిపి 12 అడుగుల 10 అంగుళాలు. పని రన్నింగ్ ఫీట్ లెక్కన జరుగుతుంది కాబట్టి, పొరపాటు చేస్తే చెడగొట్టిన రెండడుగులకు కూడా కూలి ఇవ్వాల్సి వస్తుంది. ముక్కల పాలిష్ ముఖం మీదే సుద్దతో గోడ వైపు ఏది, ముందు ఏది, అతుకు ఏది అని రాసిపెడితే కుడి ఎడమలు తారుమారయ్యే ప్రమాదం కూడా తప్పుతుంది.

అతుకు గాలిలో ఉండకూడదు. దాని అడుగున కడప బండ పరుపో, అడ్డుగోడో నేరుగా తగలాలి. లేకపోతే మూల మీద బరువు పడినప్పుడల్లా రెండు ముక్కలూ వేరువేరుగా కదిలి పూత రాలుతుంది. పూతకు తెల్ల సిమెంటులో రంగు కలపడం పాత అలవాటు. అది నూనె పీలుస్తుంది, పసుపు పట్టుకుంటుంది, కొన్నాళ్లకు పొడిపొడిగా ఊడుతుంది. రాయి రంగు కలిపిన ఎపాక్సీ నీటిని లోనికి రానివ్వదు. ముక్కలను దగ్గరికి బిగించి, సందు నిండా ఎపాక్సీ పెట్టి, గట్టిపడ్డాక పైకి ఉబికినదాన్ని బ్లేడుతో గీకేయాలి. పని ఒప్పుకునే ముందు అతుకుకు అడ్డంగా గోరు గీసి చూడాలి. గోరు తట్టుకుంటే రెండు ముక్కల మట్టం కలవలేదు. నిలువు అద్దం బద్దను అతుకు మీద అడ్డంగా పెట్టి, వెనక నుంచి టార్చి వేస్తే కింద వెలుగు ఎక్కడ కనిపిస్తుందో, ఎత్తుపల్లం అక్కడుంది. సిలికాన్ ఆరకముందే సింక్ దించి సరిచేయించుకునే వీలు అప్పటికి ఇంకా ఉంటుంది.