రహస్యం సంతకం దగ్గర ఆగుతుంది

దక్షిణ కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తన తమ్ముడితో కలిసి ఐఫోన్ 4 మీద తీసిన 'నైట్ ఫిషింగ్' 2011లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ లఘుచిత్రంగా గోల్డెన్ బేర్ గెలుచుకుంది. ఫోన్‌తో తీసినదాన్ని సినిమా అంటారా అనే ప్రశ్న ఆనాడే ముగిసింది. చిన్న ఊళ్లో ఇంట్లోవాళ్లకు చెప్పకుండా పోటీకి సినిమా పంపాలనుకునే అమ్మాయికి అసలు చిక్కులు వేరే ఉంటాయి.

అలాంటి ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వయసు పదహారు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఫోను అమ్మది, సాయంత్రం 'ఆన్‌లైన్ క్లాసు' అని చెబితే గంటసేపు చేతికొస్తుంది. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పండగ ముందు రాత్రి పొద్దుపోయేదాకా జాకెట్లు కుట్టే ఆ చేతుల మీదే మూడు నిమిషాల సినిమా తీయాలని అమ్మాయి ఆలోచన.

మొదటి దెబ్బ ట్యూబ్‌లైటు కొడుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగం ఆ లయకు కుదరకపోతే తెరమీద నల్లటి అడ్డచారలు పాకుతుంటాయి. చవకరకం ఎల్ఈడీ బల్బులతోనూ ఈ ఇబ్బంది ఉంటుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెట్టాలి. వీలైతే సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోవాలి. ప్రో మోడ్ లేకపోతే మిషన్ కిటికీ పక్కకు జరిగిన పూట, పగటి వెలుగులో తీసుకోవడమే మేలు. షాట్ తీయగానే గోడ భాగాన్ని చూస్తే చారలు పడ్డాయో లేదో తెలిసిపోతుంది.

రెండోది శబ్దం. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినిపించకపోతే మాత్రం సినిమా వదిలేస్తాడు. ఫోను మూడడుగుల దూరంలో ఉంటే దాని మైకుకు అమ్మ మాటకన్నా ఫ్యాను హోరే ఎక్కువ వినిపిస్తుంది. స్నేహితురాలి ఫోన్‌కు వైరు ఇయర్‌ఫోన్ తగిలించి, దాని మైకును మాట్లాడే మనిషి దగ్గర పెట్టి విడిగా రికార్డు చేసుకోవచ్చు. ప్రతి షాట్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగులో బొమ్మనూ శబ్దాన్నీ ఆ చప్పుడు దగ్గర కలపడం తేలిక. అయితే పక్క గదిలో టీవీ ఆపాల్సిందే. దాన్లోంచి వచ్చే సినిమా పాట చెవిన పడీపడనట్టున్నా అది వేరొకరి హక్కు. అనుమతి లేని సంగీతం ఉన్న సినిమాను చాలా పోటీలు తీసుకోవు. మిషన్ చప్పుడే ఈ సినిమాకు నేపథ్య సంగీతంగా సరిపోతుంది.

ఎడిటింగ్ అయ్యాక ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఫైలును స్నేహితురాలికి వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపి, ఆమె ఫోన్ నుంచి పోటీకి అప్‌లోడ్ చేయడం. వాట్సాప్ వీడియోను కుదించేస్తుంది కాబట్టి కుట్టు, దారం అన్నీ మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపాలి, లేదా అసలు ఫైలునే నేరుగా ఎక్కించాలి. ఇక రహస్యం సంగతి అంటారా, ఫొటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఈ షాట్లన్నీ అమ్మ గ్యాలరీలో పెళ్లి ఫొటోల పక్కనే కనబడుతుంటాయి.

అవన్నీ దాటినా చివర్లో దరఖాస్తు ఉంటుంది. సినిమాను ప్రదర్శించుకోవడానికి నిర్వాహకులకు అనుమతి ఇస్తున్నానని అందులో ఒప్పుకోవాలి. అది ఒప్పందం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అందుకే మైనర్ల ఎంట్రీకి తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. ఇక్కడ వయసు పెంచి రాసినా, నాన్న సంతకం తానే పెట్టినా గెలిచాక గుర్తింపు కార్డు అడిగినప్పుడు బయటపడుతుంది. అప్పుడు బహుమతితోపాటు ఇంట్లో నమ్మకమూ పోతుంది. పైగా సినిమాలో కనిపించిన అమ్మ అనుమతి కూడా కావాలి, కనిపించింది చేతులే అయినా సరే.

అందుకని కథ, షూటింగు, ఎడిటింగు ఎంత గుట్టుగా సాగినా అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు పూర్తయిన సినిమాను అమ్మకు చూపించాలి. 'సినిమా తీస్తానమ్మా' అన్నప్పుడు 'ముందు చదువు చూసుకో' అనే తల్లికి, తన చేతులమీద తీసిన మూడు నిమిషాలు చూపించి సంతకం అడగడం తేలిక. ఒప్పుకోకపోతే ఆ ఏడాది పోటీ పోతుందేమో కానీ ఫైలు ఎక్కడికీ పోదు. పద్దెనిమిది నిండాక అమ్మ ఒప్పుకుంటే, సొంత సంతకంతో పంపుకోవచ్చు.